పగలు నిద్రపోయి లేచాక ప్రొలాక్టిన్ ఎక్కువ ఎందుకొచ్చింది?

ప్రశ్న: "నాది రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా డ్యూటీ. నెలసరి కాస్త అటూ ఇటూ అవుతోందని డాక్టర్ ప్రొలాక్టిన్ పరీక్ష రాశారు. ఇంటికొచ్చి 8కి పడుకుని మధ్యాహ్నం 2కి లేచాను, 2:30కి రక్తం ఇచ్చాను. 34 వచ్చింది, 25 దాటకూడదట. ప్రొలాక్టిన్, మెలటోనిన్ రెండూ రాత్రిపూటే పెరుగుతాయని చదివాను. మరి పట్టపగలు ఎందుకు పెరిగింది? మెలటోనిన్ మాత్ర వేసుకుంటే రెండూ సర్దుకుంటాయా?"

జవాబు:

మీరు రక్తం ఇచ్చింది గోడ గడియారం ప్రకారం మధ్యాహ్నమే. కానీ ప్రొలాక్టిన్‌ను విడుదల చేసే మీ పిట్యూటరీ గ్రంథికి అది తెల్లవారుజాము లాంటిదే, ఎందుకంటే మీరు నిద్ర లేచి అప్పటికి అరగంటే అయింది. ప్రొలాక్టిన్ అంటే పాలు తయారవడానికి తోడ్పడే హార్మోన్. అది ప్రధానంగా నిద్రను బట్టి పెరుగుతుంది, ఎప్పుడు పడుకున్నా సరే. మెలటోనిన్ నిద్రను పట్టించుకోదు. మెదడులోని గడియారాన్ని, కంట పడే వెలుతురును బట్టి నడుస్తుంది. మామూలుగా రాత్రి పడుకునేవాళ్లలో ఈ రెండూ ఒకే వేళకు పెరుగుతాయి కాబట్టి ఒకదానికొకటి కారణం అనిపిస్తుంది. మీలాగా పగలు పడుకునేవాళ్లలో రెండూ విడిపోతాయి.

మెలటోనిన్ మాత్ర ప్రొలాక్టిన్‌ను తగ్గించే మందు కాదు. ముందు పరీక్షను సరైన వేళకు మళ్లీ చేయించండి. లేచిన మూడు నాలుగు గంటల తర్వాత, పరగడుపున గానీ తిన్న కొన్ని గంటలకు గానీ, కాసేపు కూర్చుని స్థిమితపడ్డాక రక్తం ఇవ్వండి. అది వచ్చేదాకా ఎంఆర్‌ఐ గురించి గానీ మందుల గురించి గానీ కంగారు పడొద్దు. ఎప్పుడు మాత్రం ఆగకూడదో కింద రాశాను, అది తప్పకుండా చదవండి.

నేను ఎండోక్రినాలజీ ప్రాక్టీస్ చేస్తాను. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఇలాంటి రిపోర్టు పట్టుకుని రావడం చాలా మామూలు. అందుకే కారణం కాస్త వివరంగా చెబుతాను.

మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో ముందువైపు, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన, రెండు చిన్న కణాల గుంపులు ఉంటాయి. వాటిని సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. రెండు వైపులా కలిపి సుమారు 20,000 నాడీకణాలు. ఒంట్లో ప్రధాన గడియారం ఇదే. 1972లో రెండు వేర్వేరు పరిశోధక బృందాలు ఎలుకల్లో ఈ భాగాన్ని తీసేస్తే వాటి దినచర్య లయ మొత్తం చెదిరిపోయింది. ఒక బృందం హార్మోన్‌లో చూసింది, ఇంకోటి తిరగడం, నీళ్లు తాగడం లాంటి ప్రవర్తనలో చూసింది. 1990లో ఇంకా తిరుగులేని సాక్ష్యం దొరికింది. పుట్టుకతోనే 24 గంటల బదులు దాదాపు 20 గంటల లయతో తిరిగే హ్యామ్‌స్టర్ల నుంచి ఈ కణజాలం తీసి, తమ గడియారం పోయిన మామూలు హ్యామ్‌స్టర్లకు అమర్చారు. అవి 20 గంటల లయతో తిరగడం మొదలుపెట్టాయి. అంటే లయ ఆ కణాల్లోనే ఉంది, అమర్చిన చోటికి దాంతో పాటే వచ్చింది.

మనుషుల్లో ఈ గడియారం వెలుతురు సంకేతం లేకుండా వదిలేస్తే 24 గంటల కంటే కొంచెం ఎక్కువగా, సగటున 24.2 గంటల చుట్టుతో తిరుగుతుంది. రోజూ దాన్ని సరిచేసేది కంట పడే వెలుతురు. రెటీనాలో చూపుకు పనికొచ్చే కణాలు కాక, మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న కొన్ని కణాలు వేరే ఉన్నాయి. అవి నీలి వెలుతురుకు ఎక్కువగా స్పందించి నేరుగా ఈ గడియారానికి కబురు పంపుతాయి. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు బతికున్న కొందరిలో వెలుతురు మెలటోనిన్‌ను అణచడం కనిపించింది. ఈ దారి కూడా మూసుకుపోయిన అంధుల్లో చాలామందికి గడియారం రోజురోజుకూ కాస్త కాస్త వెనక్కి జరుగుతూ, కొన్ని వారాలు రాత్రి నిద్రపట్టడం, మరికొన్ని వారాలు పగలు నిద్ర ముంచుకురావడం జరుగుతుంటుంది.

ఇక మెలటోనిన్. దాన్ని తయారుచేసే పీనియల్ గ్రంథి మెదడు మధ్యలోనే ఉంది, గడియారానికి ఎంతో దూరం లేదు. అయినా కబురు మాత్రం చుట్టుదారిన వస్తుంది. గడియారం నుంచి హైపోథాలమస్‌లోనే ఉన్న ఇంకో కేంద్రానికి, అక్కడి నుంచి వెన్నుపాము పై భాగం దాకా కిందికి, అక్కడి నుంచి బయటికొచ్చి మెడలో పైన ఉండే నాడీ ముడికి, అక్కడి నుంచి రక్తనాళాల వెంట మళ్లీ పైకి ఎక్కి పీనియల్‌కు చేరుతుంది. పగలు గడియారం ఈ దారిని అణచి ఉంచుతుంది. చీకటి పడ్డాక ఆ అణచివేత తగ్గుతుంది, నరాల కొసల్లో నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, పీనియల్ కణాల్లో సెరటోనిన్‌ను మెలటోనిన్‌గా మార్చే ఎంజైము చురుకుగా మారుతుంది.

ఈ చుట్టుదారి ఊరికే చెప్పడం లేదు. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవాళ్లలో మెదడు, గడియారం, పీనియల్ అన్నీ క్షేమంగానే ఉన్నా రాత్రి మెలటోనిన్ పెరగదు, తీగ మధ్యలో తెగింది కాబట్టి. బీపీకి వాడే కొన్ని బీటా బ్లాకర్ మందులు రాత్రి మెలటోనిన్‌ను తగ్గించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అవి నోరడ్రినలిన్ పనిచేసే గ్రాహకాలను మూసేస్తాయి.

పీనియల్ మెలటోనిన్‌ను నిల్వ చేసుకోదు. తయారైనది తయారైనట్టే రక్తంలోకి వెళ్తుంది, అక్కడ దాదాపు ముప్పావు గంటకు సగమవుతుంది. అందుకే రక్తంలో దాని మట్టం గడియారపు ముల్లులా పనికొస్తుంది. రాత్రి పడుకునేవాళ్లలో అలవాటైన నిద్రవేళకు సుమారు రెండు గంటల ముందు, వెలుతురు తక్కువగా ఉంటే, పైకి లేవడం మొదలవుతుంది. తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య శిఖరానికి చేరి ఉదయానికి దిగిపోతుంది. పగలు దాదాపు ఏమీ ఉండదు. ఈ కారణంగానే పగలు రక్తం తీసి మెలటోనిన్ కొలిస్తే దేనికీ పనికిరాదు. కొలవాలంటే సాయంత్రం నుంచి మసక వెలుతురులో కూర్చోబెట్టి అరగంటకో గంటకో లాలాజలం తీసి, ఎప్పుడు పైకి లేస్తుందో చూడాలి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. రాత్రంతా తిరిగి పగలు నిద్రపోయే ఎలుకల్లో కూడా మెలటోనిన్ రాత్రే తయారవుతుంది. కాబట్టి మెలటోనిన్ "ఇప్పుడు రాత్రి" అని ఒంటికి చెబుతుంది, "ఇప్పుడు నిద్ర" అని కాదు. మీరు రాత్రి మేలుకుని పనిచేస్తున్నా మీ గడియారం మెలటోనిన్‌ను విడుదల చేయాలనే చూస్తుంది. మీ చుట్టూ ఉన్న దీపాలు దాన్ని అణిచేస్తాయి. ఇందుకు ఎండంత వెలుతురు అక్కర్లేదు. పడుకునే ముందు మామూలు గదిలో ఉండే వెలుతురే మెలటోనిన్ లేచే వేళను వెనక్కి నెట్టి, అది రక్తంలో ఉండే సమయాన్ని సుమారు గంటన్నర తగ్గించినట్టు ప్రయోగాల్లో తేలింది.

ప్రొలాక్టిన్ కథ వేరు. దాన్ని విడుదల చేసేది పిట్యూటరీ ముందు భాగం. మిగతా పిట్యూటరీ హార్మోన్లు చాలావరకు హైపోథాలమస్ "పంపు" అంటేనే బయటికొస్తాయి. ప్రొలాక్టిన్‌కు మాత్రం హైపోథాలమస్ ఎప్పుడూ కాలు బ్రేకు మీదే ఉంచుతుంది. ఆ బ్రేకు పేరు డోపమిన్. హైపోథాలమస్ అడుగు భాగంలోని నాడీకణాలు డోపమిన్‌ను చిన్న రక్తనాళాల్లోకి వదులుతాయి, అది పిట్యూటరీ కాడ గుండా దిగి ప్రొలాక్టిన్ కణాలను పట్టి ఉంచుతుంది. ఆ కాడ దెబ్బతింటే మిగతా హార్మోన్లు పడిపోతాయి, ప్రొలాక్టిన్ మాత్రం పెరుగుతుంది. డోపమిన్‌ను అడ్డుకునే మందు ఏది వేసుకున్నా ప్రొలాక్టిన్ పెరగడానికీ, డోపమిన్‌లా పనిచేసే కాబర్గోలిన్, బ్రోమోక్రిప్టిన్ దాన్ని తగ్గించడానికీ కారణం ఇదే.

నిద్రలో ఈ బ్రేకు సడలుతుంది. పడుకున్న గంట, గంటన్నరలోపు ప్రొలాక్టిన్ మెట్లు మెట్లుగా, విడతలు విడతలుగా పైకెక్కుతుంది. నిద్ర చివరి భాగంలో అత్యధికంగా ఉంటుంది, పగటి కనిష్ఠానికి రెండు మూడు రెట్లు కావడం మామూలే. లేచాక విడుదల చప్పున తగ్గిపోతుంది. కానీ రక్తంలో అప్పటికే ఉన్నది కరిగిపోవడానికి టైం పడుతుంది కాబట్టి గంట, రెండు గంటల దాకా మట్టం ఇంకా పైనే కనిపించవచ్చు. నిద్ర మధ్యలో మెలకువ వచ్చినా ఆ కాసేపు విడుదల ఆగుతుంది. మెలటోనిన్‌కు ఈ గుణం లేదు. నడిరాత్రి లేచి చీకట్లోనే కూర్చుంటే దానికి ఏ మార్పూ రాదు.

1970ల మొదట్లో ఈ తేడాను తేల్చిన ప్రయోగం చాలా సూటిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేతికి సూది పెట్టి ఉంచి, రోజంతా కొద్ది నిమిషాలకొకసారి రక్తం తీశారు. తర్వాత వాళ్ల నిద్రవేళను పగటికి మార్చారు. ప్రొలాక్టిన్ శిఖరం కొత్త నిద్రవేళకు వెంటనే జరిగిపోయింది, అలవాటు పడటానికి రోజులు తీసుకోలేదు. రాత్రి మెలకువగా ఉంచినప్పుడు ఆ పెద్ద పెరుగుదల కనిపించలేదు. అదే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్‌ను ఇలా చూస్తే అది తన పాత వేళకే లేస్తుంది, రోజుల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. మెలటోనిన్ కార్టిసాల్ జట్టులోది. ప్రొలాక్టిన్, గ్రోత్ హార్మోన్ నిద్ర జట్టులోవి.

అయితే ప్రొలాక్టిన్‌కు గడియారంతో అసలు సంబంధం లేదని కూడా అనలేం. రోజంతా మెలకువగా, ఒకే భంగిమలో, ఒకే మసక వెలుతురులో ఉంచి, భోజనాన్ని చిన్న చిన్న భాగాలుగా సమానంగా ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. నిద్ర ప్రభావాన్ని పూర్తిగా తీసేసి గడియారాన్ని మాత్రమే చూడటానికి దాన్ని వాడతారు. 1996లో అలా చూసినప్పుడు రాత్రివేళ ప్రొలాక్టిన్‌లో ఒక చిన్న పెరుగుదల మిగిలే ఉంది. అందుకే రాత్రి నిద్రలో వచ్చే పెరుగుదల పగటి నిద్రలో వచ్చేదానికంటే సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. రాత్రి నిద్రలో నిద్ర, గడియారం రెండూ కలిసొస్తాయి, పగటి నిద్రలో నిద్ర ఒక్కటే పనిచేస్తుంది. ఇది మీ లెక్కలోకి ఎందుకొస్తుందో చూడండి.

మీ రోజును ఒకసారి గంటల వారీగా వేసి చూద్దాం. రాత్రి 10కి డ్యూటీ ఎక్కారు. అప్పటికి మీ మెలటోనిన్ లేవబోతోంది, పనిచేసే చోట దీపాలు దాన్ని కొంత అణిచాయి. మెలకువగా ఉన్నారు కాబట్టి ప్రొలాక్టిన్ తక్కువే. ఉదయం 6కి బయటికొచ్చారు. ఆ దారిలో కంట పడే ఎండే మీ గడియారాన్ని పగటి లయకు కట్టేసి ఉంచే పెద్ద కారణం. అందుకే ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీ చేసినా చాలామందిలో గడియారం పూర్తిగా తిరగబడదు. 8కి పడుకున్నారు. మెలటోనిన్ అప్పటికి దిగిపోయింది, నిద్రంతా దాదాపు మెలటోనిన్ లేకుండానే సాగింది. పగటి నిద్ర పలచగా ఉండటానికి ఇదొక కారణం. 9, 9:30 నుంచి ప్రొలాక్టిన్ ఎక్కడం మొదలై మధ్యాహ్నం 1, 2కి పైన ఉంది. 2కి లేచారు, బహుశా హడావుడిగా బయల్దేరారు. 2:30కి సూది. ఫలితం 34.

మెలటోనిన్ వల్లే ప్రొలాక్టిన్ పెరిగే మాటైతే మీ నిద్రలో అది పెరగనే కూడదు. మీ ప్రశ్నలోనే దానికి సమాధానం ఉంది: పట్టపగలు, మెలటోనిన్ అడుగున ఉన్న వేళ, ప్రొలాక్టిన్ పైన ఉంది.

మరి 34 మొత్తం నిద్ర వల్లే అని నేను ఖాయంగా చెప్పగలనా? చెప్పలేను. పగటి నిద్రలో పెరుగుదల కాస్త తక్కువగా ఉంటుందని పైన చెప్పాను. సూది భయం, పరుగున రావడం, వ్యాయామం, అప్పుడే చేసిన భోజనం, ఇవన్నీ కొంత పెంచుతాయి. అన్నీ కలిసి 34 కావడం సులభమే. కానీ రెండో పరీక్ష తప్ప ఇంకేదీ దాన్ని రుజువు చేయదు.

ఇక్కడ నా దగ్గరికి వచ్చిన ఒకరి సంగతి చెబుతాను. ఆవిడకు 30 ఏళ్లు, మీలాగే రాత్రి పని. నిద్రలేచిన గంటలోపు తీసిన రక్తంలో ప్రొలాక్టిన్ 41. ఆ ఒక్క రిపోర్టు మీదే వేరేచోట ఎంఆర్‌ఐ తీశారు, పిట్యూటరీలో 3 మిల్లీమీటర్ల మచ్చ కనిపించింది. "ట్యూమర్" అన్న మాట వినగానే ఆ కుటుంబమంతా కుంగిపోయింది. కాబర్గోలిన్ చీటీతో నా దగ్గరికి వచ్చారు, ఇంకా మొదలుపెట్టలేదు.

నెలసరి సక్రమంగానే ఉంది, పాలు కారడం లేదు, తలనొప్పి లేదు. వాడుతున్న మందుల్లో అనుమానించదగ్గది ఏదీ లేదు. థైరాయిడ్ పరీక్ష మామూలుగా ఉంది, గర్భం లేదు. ఆవిడ ఆ రోజు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా పడుకున్నారు. సాయంత్రం 6:30కి రమ్మన్నాం. చేతి రక్తనాళంలో కాన్యులా అనే సన్నని గొట్టం పెట్టి కాసేపు ఊరికే పడుకోబెట్టాం, నిద్రపోకుండా. తర్వాత 20 నిమిషాల తేడాతో మూడుసార్లు అదే కాన్యులా నుంచి రక్తం తీశాం. 21, 16, 14 వచ్చాయి. మొదటి అంకెలో సూది కంగారు ఇంకా ఉంది, తర్వాతి రెండింటిలో దిగిపోయింది. మొదట వచ్చిన 41కి కారణం వేళ, కంగారు. జబ్బు కాదు.

మరి ఆ మచ్చ? ఏ జబ్బూ లేనివాళ్లకు ఎంఆర్‌ఐ తీసినా సుమారు పదిమందిలో ఒకరికి పిట్యూటరీలో ఇలాంటి చిన్న మచ్చ కనిపిస్తుంది. ప్రొలాక్టిన్‌తో సంబంధం లేకుండానే అది అక్కడ ఉంటుంది. ఏడాది తర్వాత మళ్లీ తీయిస్తే అంతే ఉంది. మందు అవసరం రాలేదు. తప్పు వేళకు తీసిన ఒక రక్తపు చుక్క నుంచి ఇంత దూరం వెళ్లింది ఆ వ్యవహారం. రక్తం తీసేవాళ్లు "ఎన్నింటికి లేచారు?" అని ఒక్క మాట అడిగి చీటీ మీద రాస్తే చాలు, ఇదంతా తప్పేది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది: షిఫ్టు పనివాళ్ల ప్రొలాక్టిన్ రిపోర్టు మీద రక్తం తీసిన టైంతో పాటు నిద్రలేచిన టైం లేకపోతే, హద్దు దాటిన చిన్న అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

అయితే అన్నీ వేళ మీదికి నెట్టేయకూడదు. వైద్య మార్గదర్శకాలు కూడా, రక్తం ఏ వేళ తీసినా పర్వాలేదు, ఫలితం అనుమానంగా ఉంటే ఇంకో రోజు 15, 20 నిమిషాల తేడాతో రెండు మూడు సార్లు తీయండి అంటాయి. ఎందుకంటే నిజమైన జబ్బులో అంకె ఏ వేళకైనా పైనే ఉంటుంది. వేళ ప్రభావం కీలకమయ్యేది హద్దుకు కాస్త పైన, మీలాంటి అంకెల దగ్గరే. నిద్ర, కంగారు కలిసి 30, 40 వరకు తీసుకెళ్లొచ్చు. 100 దాటితే అది నిద్ర చేసే పని కాదు. 200 దాటితే ప్రొలాక్టిన్ తయారుచేసే పిట్యూటరీ గడ్డ ఉన్నట్టే అనుకుని వెతుకుతాం. ఆ గడ్డ హైపోథాలమస్ మాట వినదు, అందుకే అలాంటివాళ్లలో నిద్రలో పెరిగి పగలు దిగే లయ కూడా చెదిరిపోతుంది.

ఇంకొకరిని చూడండి. మధ్యవయసు మనిషి, ప్రొలాక్టిన్ 78. పగటి డ్యూటీయే. వేళ మార్చి తీసినా 74. ఎప్పుడు తీసినా కదలని అంకె అంటే బ్రేకునే ఏదో పనిచేయనివ్వడం లేదేమో అని చూడాలి. మందుల సంచీ మొత్తం బల్ల మీద పోయించి చూస్తే గ్యాస్‌కు వాడే మాత్రలో లెవోసల్పిరైడ్ కలిసి ఉంది. అది డోపమిన్‌ను అడ్డుకునే మందు. అది రాసిన డాక్టరుతో మాట్లాడి ఆపించి, కొన్ని రోజులాగి తీస్తే 11. ఆయన దాన్ని "గ్యాస్ మాత్ర" అనుకున్నారు తప్ప మందుల్లో లెక్కవేయలేదు. డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, మానసిక సమస్యలకు వాడే రిస్పెరిడోన్ కూడా ఇదే పని చేస్తాయి. మీరు వీటిలో ఏదైనా వాడుతుంటే చెప్పండి. కానీ మానసిక సమస్యలకు వాడే మందును పరీక్ష కోసమని మీ అంతట మీరు ఆపకండి, అది రాసిన డాక్టరే నిర్ణయించాలి.

రెండో పరీక్షలోనూ ఎక్కువే వస్తే గర్భం ఉందేమో, థైరాయిడ్ తక్కువగా ఉందేమో, కిడ్నీ పనితీరు ఎలా ఉందో చూస్తాం. ఇంకో విషయం చాలామందికి తెలియదు. కొందరి రక్తంలో ప్రొలాక్టిన్ యాంటీబాడీలతో అతుక్కుని పెద్ద ముద్దలా తిరుగుతుంది. దాన్ని మాక్రోప్రొలాక్టిన్ అంటారు. అది ఒంట్లో పెద్దగా పనిచేయదు, నెమ్మదిగా కరుగుతుంది, పరీక్షలో మాత్రం అంకెను పెంచేస్తుంది. లక్షణాలేవీ లేకుండా అంకె పదేపదే ఎక్కువ వస్తుంటే ల్యాబులో ఈ ముద్దను వేరుచేసి మళ్లీ కొలవమని అడగాలి.

వేళ సంగతి చూద్దామని ఆగకూడని సందర్భాలు ఇవి: బిడ్డకు పాలివ్వని సమయంలో రొమ్ముల నుంచి పాలు రావడం, నెలసరి కొన్ని నెలలుగా పూర్తిగా ఆగిపోవడం, కొత్తగా పట్టుకుని వదలని తలనొప్పి, పక్కల చూపు తగ్గడం. పక్క చూపు తగ్గితే అదే రోజు డాక్టరును చూడండి. పిట్యూటరీ పెరిగితే ముందు నొక్కేది పైనున్న కంటి నరాలనే.

మీ నెలసరి అటూ ఇటూ కావడం గురించి ఒక మాట. ప్రొలాక్టిన్ నిజంగా ఎక్కువైతే అది హైపోథాలమస్ నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాన్ని అణిచి నెలసరిని చెదరగొడుతుంది. కానీ రాత్రి డ్యూటీ చేసేవాళ్లలో ప్రొలాక్టిన్ మామూలుగా ఉన్నా నెలసరి తప్పడం మిగతావాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి రెండో పరీక్షలో 15 వచ్చిందని అక్కడితో ఆగిపోవద్దు. నెలసరి సమస్యకు కారణం విడిగా వెతకాలి.

ఇక మెలటోనిన్ మాత్ర. అది రెండు పనులు చేయగలదు. ఒకటి, కాస్త నిద్ర తెప్పించడం. రెండు, సరైన వేళకు వేసుకుంటే గడియారాన్ని ముందుకో వెనక్కో జరపడం. ఈ రెండో పనికి మోతాదు కంటే వేళ ముఖ్యం. సాయంత్రం వేసుకుంటే గడియారం ముందుకు జరుగుతుంది, ఉదయం వేసుకుంటే వెనక్కి జరుగుతుంది. వెలుతురు సరిగ్గా దీనికి ఎదురు: రాత్రి మొదటి భాగంలో పడితే వెనక్కి, తెల్లవారుజాము దాటాక పడితే ముందుకు. మీరు ఉదయం ఎండలో ఇంటికొచ్చి, పడుకునే ముందు మాత్ర వేసుకుంటే ఎండ ఒకవైపు, మాత్ర ఇంకోవైపు లాగుతాయి. మాత్రకంటే ముందు ఇంటికొచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు, పడుకునే గదికి మందపాటి పరదాలు ప్రయత్నించమంటాను. మీరే బండి నడుపుకుంటూ వచ్చేట్టయితే మాత్రం నిద్రమత్తులో నల్లద్దాలు వద్దు. ఇవి నిద్ర కోసం చెబుతున్నవి. ప్రొలాక్టిన్ అంకెకు వీటితో పని లేదు. పైగా పగటి నిద్ర గాఢంగా పడితే నిద్రలో ప్రొలాక్టిన్ ఇంకా బాగా పెరగొచ్చు, అది మామూలు విషయమే, భయపడాల్సింది కాదు.

మెలటోనిన్, ప్రొలాక్టిన్‌ల మధ్య అసలు బంధమే లేదా అని మీకు అనిపించవచ్చు. ఉంది, కానీ రుతువులను బట్టి మారే జంతువుల్లో. గొర్రెల్లో ప్రొలాక్టిన్ వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ. చలికాలం రాత్రులు పొడుగు, కాబట్టి మెలటోనిన్ ఎక్కువసేపు ఉంటుంది. ఆ నిడివిని పిట్యూటరీ కాడను చుట్టి ఉండే ఒక పలుచని కణజాలం చదివి ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తుంది. 1994లో పొట్టేళ్లలో పిట్యూటరీని హైపోథాలమస్ నుంచి పూర్తిగా విడదీసి చూశారు. అయినా మెలటోనిన్ ఇస్తే ప్రొలాక్టిన్ రుతువుకు తగ్గట్టు మారింది. అంటే అక్కడ మెలటోనిన్ నేరుగా పిట్యూటరీ దగ్గరే పనిచేస్తోంది. గమనించండి, అక్కడ కూడా ఎక్కువసేపు మెలటోనిన్ ఉంటే ప్రొలాక్టిన్ తగ్గుతుంది, అదీ వారాల మీద. మనిషిలో ఒక్క రాత్రిలో కనిపించే పెరుగుదలకు దీనితో సంబంధం లేదు. "మెలటోనిన్ ప్రొలాక్టిన్‌ను మారుస్తుంది" అని మీరు ఎక్కడైనా చదివితే, అది ఏ జీవిలో చూసిన సంగతో వెతికి చూడండి.

మీరు చేయాల్సింది ఇది. రాత్రి డ్యూటీల మధ్యలో ఉన్నప్పుడే చేయించండి. సెలవు రోజు నిద్రవేళ మారితే లెక్క మళ్లీ కలగాపులగం అవుతుంది. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా పడుకుంటే సాయంత్రం 5, 6 మధ్య రక్తం ఇవ్వండి. లేచాక మళ్లీ కునుకు తీయొద్దు, చిన్న కునుకుకైనా ప్రొలాక్టిన్ లేస్తుంది. ఆ రోజు వ్యాయామం వద్దు. ల్యాబులో అరగంట కూర్చుని, వీలైతే కాన్యులాతో 20 నిమిషాల తేడాలో రెండు నమూనాలు తీయమనండి. కాన్యులా కుదరకపోతే ఒక్క నమూనా అయినా సరే, స్థిమితంగా ఉన్నప్పుడు ఇవ్వండి. ప్రమాణం కూడా చూసుకోండి. కొన్ని ల్యాబులు నానోగ్రాముల్లో కాక అంతర్జాతీయ యూనిట్లలో ఇస్తాయి, అప్పుడు అంకె దాదాపు 21 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. మీ 34 అక్కడ 720 అవుతుంది, రెండూ ఒకటే.

రిపోర్టు వచ్చాక అంకెతో పాటు ఆ రోజు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి రక్తం ఇచ్చారు, ఏయే మందులు వాడుతున్నారు అన్నవి మీ డాక్టరుకు చూపించండి. ఇక్కడ కూడా పెడితే చూసి చెబుతాను. గ్యాస్ మాత్రలు, నిద్ర మాత్రలు, బీపీ మాత్రలు కూడా రాయండి.